పల్చన చెయ్యని చుక్క

మా వదినకీ నాకూ పడదని ఇంట్లో అందరి నమ్మకం. నమ్మనీ. ఇరవై ఆరేళ్ళుగా మేమిద్దరం ఎదురుపడినప్పుడల్లా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉన్నాం. మా పలకరింపే అది. వదినంటే మా ఆయన సొంత అక్క. నా పెళ్ళయిన మూడో రోజున నేను ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని, "ఏమే మరదలా, దీన్ని ఉతికావా, నీళ్ళు చూపించి తీసుకొచ్చావా?" అంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఉతికిందే అది, నీ కళ్ళే ఉతకాలి" అన్నాను. ఆ మాటకు ఆవిడ పడీ పడీ నవ్వింది. అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

ఆవిడ ఒక పెద్ద హోటల్లో లాండ్రీ నడిపేది. నాలుగు వందల గదుల దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సిమెంటు నేల మీద నిలబడే ఉద్యోగం. మొగుడు పోయాక ముప్పై ఏళ్ళు ఆ రెండు కాళ్ళ మీదే నిలబడి బతికింది. అందుకే కుడి మోకాలు అరిగిపోయింది. యాభై ఎనిమిదో ఏట లోహపు కీలు పెట్టించుకుంది. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత మోకాలు ఎర్రబడి, వాచి, చీము పట్టింది.

చీములో దొరికింది క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. పరమ మొండి ఘటం. ఉన్న యాంటీబయాటిక్స్ అన్నీ వాడారు. పనిచేసిన ఒక్కటీ మూత్రపిండాలను దెబ్బతీస్తోందని ఆపేశారు. కీలు తీసేసి, లోపల మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, రెండుసార్లు కడిగారు. అయినా అది ఎముకను పట్టుకునే ఉంది. చివరికి సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇంకొక్క దారి చూద్దాం. అది కుదరకపోతే తొడ దగ్గర తీసెయ్యాల్సిందే. కాలు కోసం ప్రాణం పోగొట్టుకోలేం కదా" అన్నాడు.

ఆ ఒక్క దారీ నేను పనిచేసే గదే.

మా ఆసుపత్రి వెనక కట్టడంలో, రెండో అంతస్తులో, లిఫ్టు ఆగని వైపున మా ల్యాబు ఉంది. మేం ఇద్దరమే. మేడమ్, నేను. మేడమ్ డాక్టరు, నేను టెక్నీషియన్ని. మేం చేసేది ఫేజ్ మందు. ఫేజ్ అంటే బాక్టీరియాను చంపే వైరస్. మనుషుల జోలికి రాదు. మురుగునీటిలో బోలెడుంటాయి. రోగి ఒంట్లోని బాక్టీరియాను గాజు పళ్ళెంలో పలచటి పొరలా పెంచి, దాని మీద ఫేజ్ చుక్క వేస్తే, పని చేసే ఫేజ్ అయితే ఆ పొరలో గుండ్రటి ఖాళీలు పడతాయి. మేం వాటిని కన్నాలంటాం. ఒక్కో కన్నం ఒక్క ఫేజ్ నుంచి మొదలైన చావు. కన్నాలు లెక్కపెడితే సీసాలో ఎన్ని ఫేజ్‌లున్నాయో తెలుస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా కన్నాలు లెక్కపెట్టడమే నా బతుకు.

"మీ బంధువు కదా, ఈ కేసు బయట ల్యాబుకు పంపుదామా?" అని మేడమ్ అడిగింది.

"బయట వాళ్ళు నాకంటే బాగా చేస్తారా?" అన్నాను.

మేడమ్ కేసు కాగితాలు నా చేతికిచ్చేసింది. అలా ఇచ్చెయ్యడం నాకు అప్పుడు గొప్పగా అనిపించింది. నన్ను ఎంత నమ్మిందో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు.

ఏడు చోట్ల నుంచి సీసాల కొద్దీ మురుగు తెచ్చాను. వదిన బాక్టీరియాను ఆ నీళ్ళలో కలిపి పెంచి, దాన్ని తిని బతికే ఫేజ్ ఏదైనా ఉందా అని వెతికాను. పంతొమ్మిదో సీసాలో దొరికింది. దాని పేరు పంతొమ్మిదే అయిపోయింది. వదిన బాక్టీరియా మీద దాని కన్నాలు చిన్నవే, అంచులు జిగటగా ఉంటాయి, కానీ లక్షలు పడ్డాయి. ఆ సాయంత్రం వార్డుకు వెళ్ళి చెప్పాను.

"నీ పురుగుకు పురుగు దొరికింది వదినా."

"ఎక్కడ దొరికింది?"

"మురుక్కాలవలో."

"మంచి చోటే వెతికావు. నీకు అలవాటైన చోటు" అంది. పక్క మంచం ఆవిడ ఉలిక్కిపడి మమ్మల్ని చూసింది. మా ఆయన ఆవిడకు, "వాళ్ళిద్దరూ అంతేనండి, మీరేం అనుకోకండి" అని సర్దిచెప్పాడు.

ఆ తర్వాత వదిన గొంతు తగ్గించి, "కాలు ఉంటుందంటావా?" అని అడిగింది. ఆవిడ ఏదీ అడగదు. "ఉంటుంది" అన్నాను. నాకెవరిచ్చారు ఆ మాట ఇచ్చే హక్కు?

పంతొమ్మిది దొరికితే సరిపోదు. దాన్ని లీటర్ల కొద్దీ పెంచాలి. ఫేజ్ పెరగాలంటే దానికి బాక్టీరియా కావాలి. వదిన బాక్టీరియాలోనే పెంచితే ఒక చిక్కుంది. దాని జన్యువుల్లో వేరే వైరస్‌లు నిద్రపోతూ ఉన్నాయి, విషాలు చేసే జన్యువులూ ఉన్నాయి. అవి మందులోకి జారితే మనమే రోగి ఒంట్లోకి ఎక్కించినట్టవుతుంది. అందుకని మా ల్యాబులో ఒక శుభ్రమైన క్లెబ్సియెల్లా ఉంది. సాధువు లాంటిది. నిద్రపోయే వైరస్‌లు లేవు, విషాల్లేవు. మందులన్నీ అందులోనే పెంచుతాం. అది మా నియమం, మంచి నియమమే. పంతొమ్మిది అందులో బ్రహ్మాండంగా పెరిగింది. మూడు వారాలు పట్టింది. పెంచి, వడకట్టి, కడిగి, ఏ సూక్ష్మజీవీ లేదని పరీక్ష పెట్టి, సీసాలకెక్కించాను.

సీసా మీద బలం రాయాలి. కన్నాలు లెక్కపెట్టాను. దేని మీద? ఆ శుభ్రమైన దాని మీదే. ఎందులో పెంచామో దాని మీదే లెక్కపెట్టడం మా అలవాటు. దాని మీద కన్నాలు పెద్దవి, అద్దాల్లా ఉంటాయి, చూడ్డానికి ముచ్చటేస్తుంది. వదిన బాక్టీరియా మీద లెక్కపెట్టాలంటే జిగటలో కళ్ళు పోతాయి. మిల్లీలీటరుకు వెయ్యి కోట్లు వచ్చాయి. అంత బలమైన మందు నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు. గర్వంగా లేబులు రాశాను.

రోగి బాక్టీరియా మీద పని చేస్తుందో లేదో చూడాలి కదా అంటారా? చూశాను. వదిన బాక్టీరియా పొర మీద సీసాలో నుంచి ఒక్క చుక్క వేశాను. మర్నాడు చూస్తే చుక్క పడిన చోట గుండ్రంగా, తెల్లారినట్టు ఖాళీ. "పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టాను. చుక్కను పల్చన చేసి చూడలేదు. పదింతలు, వందింతలు, వెయ్యింతలు పల్చన చేస్తూ వరసగా చుక్కలు వెయ్యడం మా పనిలో ఓనమాలు. శిక్షణకు వచ్చే పిల్లలకు నేనే నేర్పుతాను. ఆ రోజు చెయ్యలేదు. సర్జన్ రెండుసార్లు ఫోన్ చేశాడు, సీసాలు వార్డుకు వెళ్ళాలి, చుక్క ఎలాగూ పనిచేసింది. ఇన్ని కారణాలు చెప్తున్నాను గానీ ఒక్కటీ కారణం కాదు.

సోమవారం పొద్దున మోకాల్లోకి ఎక్కించారు, చేతికి డ్రిప్ పెట్టారు. రోజూ ఒక డోసు. వదిన సీసా కేసి చూసి, "ఇదేనా నీ కాలవ నీళ్ళు? ఇంత తెల్లగా ఉన్నాయే. నీ దుప్పట్ల కంటే నయం" అంది. మేమందరం నవ్వాం.

మూడో రోజుకు జ్వరం తగ్గలేదు. నాలుగో రోజుకు పెరిగింది. ఐదో రోజున మోకాల్లోంచి నీరు తీసి పంపారు. అందులో బాక్టీరియా మొదట ఎన్నున్నాయో అన్నీ ఉన్నాయి.

"బాక్టీరియా మారిపోయి ఉంటుంది. ఫేజ్ అతుక్కునే చోటు మార్చేసుకుని ఉంటుంది. అలా జరుగుతుంటుంది కదా" అంది మేడమ్.

నేను ఆ నీటిలోని బాక్టీరియాను పొరగా పెంచి, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, వరసగా పల్చన చేస్తూ చుక్కలు వేశాను. ఒక వరస మందు సీసాలోంచి. ఇంకో వరస ఫ్రిజ్‌లో మిగిలిన చిన్న గొట్టంలోంచి. ఆ గొట్టంలో ఉన్నది మొదట దొరికిన పంతొమ్మిది, వదిన బాక్టీరియాలోనే పెరిగినది. మందు సీసాలో దానికంటే పదింతలు ఎక్కువ ఫేజ్‌లున్నాయి.

శనివారం మధ్యాహ్నం పళ్ళెం తీసి వెలుతురుకు పెట్టాను. పాత గొట్టం వరసలో ఆరోసారి పల్చన చేసిన చుక్కలో కూడా పది కన్నాలు కనిపించాయి. మందు సీసా వరసలో మొదటి చుక్క ఖాళీ, రెండోదీ దాదాపు ఖాళీ, మూడోదాంట్లో వంద కన్నాలు, ఆ తర్వాత పది, ఆ తర్వాత ఒకే ఒక్కటి. అక్కడితో సరి. మిగతా అంతా నున్నటి పొర.

స్టూలు మీద కూర్చుండిపోయాను.

బాక్టీరియా మారలేదు. మారి ఉంటే పాత గొట్టం కూడా పనిచెయ్యకూడదు. రెండింట్లోనూ ఉన్నది ఒకే ఫేజ్. అక్షరం తేడా లేదు. తేడా అది పుట్టిన ఇల్లే.

ఇందులో తెలియని సంగతేం లేదు. పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. చాలా బాక్టీరియాల్లో ఒక కత్తెర ఉంటుంది, ఒక ఎంజైము. డీఎన్ఏలో ఫలానా అక్షరాల వరస ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తిరిస్తుంది. ఫేజ్ తన డీఎన్ఏను లోపలికి పంపగానే దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. మరి ఆ అక్షరాల వరస బాక్టీరియా సొంత డీఎన్ఏలోనూ వందల చోట్ల ఉంటుంది కదా, దాన్నెందుకు కత్తిరించదు? దానికి తోడుగా ఇంకో ఎంజైము ఉంటుంది. అది అదే వరసను వెతికి, సొంత డీఎన్ఏలో ఆ ప్రతి చోటా ఒక చిన్న మిథైల్ గుర్తు పెడుతుంది. గుర్తు ఉన్న చోట కత్తెర పని చెయ్యదు. బాక్టీరియా రెండుగా విడిపోతూ డీఎన్ఏకు నకలు తీసుకున్నప్పుడు, కొత్త పోగు మీద గుర్తు ఉండదు గానీ పాత పోగు మీద ఉంటుంది. ఆ ఒక్కవైపు గుర్తు చాలు, కత్తెర ముట్టుకోదు. ఈలోగా రెండోవైపు కూడా గుర్తు పడిపోతుంది. అలా తరతరాలకూ ఆ ఇంటివాళ్ళకు ప్రమాదం లేదు. గుర్తు పెట్టేది చెడిపోయి కత్తెర ఒక్కటే మిగిలిందా, తన జన్యువులను తానే ముక్కలు చేసుకుని చస్తుంది.

పాత గొట్టంలోని పంతొమ్మిది వదిన బాక్టీరియాలోనే పుట్టింది. పుడుతూనే ఆ ఇంటి గుర్తులు దాని మీద పడ్డాయి. అందుకే మళ్ళీ అక్కడికే వెళ్తే కత్తెర దాన్ని సొంతమనుకుంది. మా శుభ్రమైన సాధువు దగ్గర ఆ గుర్తు పెట్టే ఎంజైమే లేదు. నేను మూడు వారాలు దాంట్లో పెంచి, వెయ్యి కోట్ల ఫేజ్‌లకూ ఆ గుర్తులు లేకుండా చేశాను. అవి వదిన మోకాల్లోకి వెళ్ళి పదివేలకు ఒకటి చొప్పున బతికాయి. కత్తెర కంటే ముందు గుర్తు పెట్టే ఎంజైము దాన్ని చేరుకుంటే, అదృష్టం బాగుండి ఆ ఒక్కటీ బతుకుతుంది. మిగతావన్నీ లోపలికెళ్ళి ముక్కలైపోయాయి. నేను వేసిన పల్చన చెయ్యని చుక్కలో పది కోట్లు ఉన్నాయి కాబట్టి పదివేలు బతికి, పొర అంతా తినేసి, నాకు తెల్లటి ఖాళీ చూపించాయి. వంద కోట్లని నేను రాసి పంపిన డోసులో పనికొచ్చేవి లక్ష.

బతికిన ఆ లక్షకు పుట్టేవాటికి గుర్తులుంటాయి కదా, అవి పెరిగి పని చెయ్యవా అని నన్ను నేనే అడుక్కున్నాను. గాజు పళ్ళెంలో అయితే చేస్తాయి. మనిషి మోకాలు గాజు పళ్ళెం కాదు. ఎముకకు పట్టిన జిగట పొర అడుగున బాక్టీరియా దాక్కుని ఉంటే, పైన పడ్డ ఫేజ్‌లను ఒళ్ళే ఊడ్చేస్తూ ఉంటే, ఆ కాసిన్ని ఏం పెరుగుతాయి?

మేడమ్‌కు ఫోన్ చేశాను. అరగంటలో వచ్చింది. పళ్ళెం తీసుకుని చాలాసేపు చూసింది. "మీ వదిన బాక్టీరియా మీద లెక్కపెట్టిన అంకె ఏది?" అని అడిగింది.

"లేదు మేడమ్. చుక్క వేసి చూశానంతే."

"పల్చన చెయ్యలేదా?"

"లేదు."

ఆవిడ నన్ను తిట్టలేదు. "ఫారంలో బలానికి ఒక్క గడే పెట్టింది నేను. దేని మీద లెక్కపెట్టారో రాయడానికి చోటే లేదు" అంది. నాకు ఆ జాలి భరించరానిదిగా ఉంది. "ఫారం లెక్కపెట్టలేదు మేడమ్, నేను లెక్కపెట్టాను" అన్నాను. ఆవిడ అప్పటికప్పుడే సర్జన్‌కు, ఆసుపత్రి కమిటీకి ఉన్నదున్నట్టు రాసి పంపింది. కింద నేనూ సంతకం చేశాను.

ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టాం. నియమం పక్కన పెట్టి, కమిటీ అనుమతితో, ఈసారి వదిన బాక్టీరియాలోనే పెంచాం. నిద్రపోయే వైరస్‌లు లేచాయేమో చూశాం, విషాలు పోయేదాకా నాలుగుసార్లు కడిగాం. పనిలో పనిగా, మందు సీసా వరసలో ఒంటరిగా పడిన ఆ కన్నంలోంచి ఫేజ్ తీసి, వదిన బాక్టీరియాలో ఒక్కసారి పెంచి చూశాను. ఎనిమిదోసారి పల్చన చేసినా కన్నాలు పడ్డాయి. దాన్నే మళ్ళీ సాధువులో ఒక్కసారి పెంచితే పదివేలకు ఒకటికి పడిపోయింది. నా అనుమానం నిజమేనని రుజువైంది. అది అబద్ధమైతే బాగుండునని ఎంత కోరుకున్నానో.

తర్వాతి వారం శుక్రవారానికి కొత్త మందు సీసాల్లో ఉంది. వదిన బాక్టీరియా మీదే లెక్కపెట్టాను, రెండుసార్లు, జిగటలో కళ్ళు పొడుచుకుని. ఎనిమిది వందల కోట్లు. ఇక మిగిలింది ఒక్కటే. అందులో వేరే సూక్ష్మజీవి ఏదీ లేదని తేలాలి. ఆ పరీక్షకు ఐదు రోజులైనా ఆగాలి. అంటే బుధవారం.

ఆదివారం వదినకు వణుకుతో జ్వరం వచ్చింది. బీపీ పడిపోయింది. బాక్టీరియా రక్తంలోకి దిగింది. ఐసీయూకి మార్చారు.

"మందు తయారుగా ఉంది, ఇచ్చేద్దాం మేడమ్" అన్నాను. "రెండు రోజులైంది, ఏమీ పెరగలేదు. శుభ్రంగానే ఉంది."

"రెండు రోజులకు కనిపించనివి ఐదో రోజున కనిపిస్తాయి. మీకు తెలుసు."

"తెలుసు. అయినా ఇచ్చేద్దాం."

"రక్తంలో ఒకటి ఉన్న మనిషికి మనం ఇంకోటి ఎక్కిస్తే?" అంది మేడమ్. "మొన్న ఒక పరీక్ష వదిలేశాం. ఇవాళ ఇంకోటి వదిలేద్దామా?"

నేను ఆవిడ మీద అరిచాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. గుండె లేదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ అంతా విని, కుర్చీ నా వైపు జరిపింది. ఆవిడదే న్యాయం. అది నాకు అరుస్తున్నప్పుడే తెలుసు.

సోమవారం పొద్దున్న సర్జన్ మా ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. వదినకు స్పృహ సరిగ్గా లేదు. కుడికాలు తొడ మధ్య దాకా తీసేశారు.

బుధవారం నేను పరీక్ష గొట్టాలు తీసి చూశాను. ఐదు రోజులైనా నీళ్ళలా తేటగా ఉన్నాయి. ఏమీ లేదు. మందు మంచిది. పన్నెండు సీసాలు. ఒక్కో దాని మీద వదిన నంబరు. ఆ మందు వేరే ఎవరికీ పనికిరాదు. అది వదిన మోకాల్లోని బాక్టీరియా కోసం, దాని గుర్తులతో పుట్టింది. ఆ మోకాలు సోమవారమే వెళ్ళిపోయింది. నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఏడ్చాను. మేడమ్ బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

వదిన బతికింది. కాలుతో పాటే చీము అంతా పోయింది, రక్తం శుభ్రపడింది, పది రోజులకు వార్డుకు వచ్చింది. సర్జన్ ఆవిడకు, "మొదటి మందు తయారీలో ఒక పొరపాటు దొర్లింది, దాని బలం సరిపోలేదు" అని చెప్పాడట. ఎవరి పొరపాటో చెప్పలేదు. అది ఆయన చెప్పాల్సిన మాట కాదు.

"ఇప్పుడు చెప్పి ఏం ఉద్ధరిస్తావు?" అన్నాడు మా ఆయన. ఇంట్లో, పళ్ళు తోముకుంటూ, అద్దంలో నన్ను చూస్తూ. "కాలు వెనక్కొస్తుందా? అక్కకు నువ్వంటే ప్రాణం. అదొక్కటన్నా మిగలనీ."

"ఆవిడకు తెలియకుండా మిగిలేది నాకు అక్కర్లేదు."

"నీకు అక్కర్లేదు సరే. ఆవిడకు?"

అయినా చెప్పాను. నా మనసు తేలికపడ్డం కోసం చెప్పానా, ఆవిడకు తెలియాలని చెప్పానా అంటే చెప్పలేను. రెండూ ఉన్నాయేమో.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. పక్క మంచం ఖాళీగా ఉంది. వదిన దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి ఒకవైపు చదునుగా పడి ఉంది. ఆవిడ అలవాటు కొద్దీ దాని అంచు మడిచి సరిచేస్తోంది.

"ఏమే, చిక్కిపోయావు. మా తమ్ముడు తిండి పెట్టడం లేదా?" అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను. కత్తెర సంగతి, గుర్తు సంగతి. ఆవిడ అడ్డు తగిలి, "అంటే మా హోటలు దుప్పట్ల మూలన ఎర్ర దారంతో కుడతాం, అలాంటిదా? దారం లేనిది మాది కాదని పక్కన పడేస్తాం" అంది.

"అలాంటిదే. నీ పురుగు దగ్గర పెరిగిన మందుకు ఆ దారం ఉంది. నేను దాన్ని వేరే చోట పెంచాను. దారం పోయింది. నీ ఒంట్లోకి వెళ్ళగానే కత్తిరించేసింది."

"అలా పెంచడం తప్పా?"

"పెంచడం తప్పు కాదు. పెంచాక నీ పురుగు మీద లెక్కపెట్టి చూడకపోవడం తప్పు. చూడాల్సింది నేను. ఒక గంట పని వదినా. ఒక్క చుక్క వేసి, బాగుందని సంతకం పెట్టాను. పల్చన చేసి చూసుంటే ఆ రోజే తెలిసేది. వారం రోజులు మిగిలేవి."

ఆవిడ దుప్పటి అంచు వదిలేసింది.

"ఆ వారం మిగిలుంటే కాలు ఉండేదా?"

"ఉండేదేమో. ఖాయంగా చెప్పలేను. ఉండేదనే అనుకుంటున్నాను."

నేను తిట్ల కోసం కూర్చున్నాను. ఆవిడ నోరు నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళు దుప్పట్ల దగ్గర్నుంచి పులుసు దాకా దేన్నీ వదల్లేదు. ఇప్పుడు ఎంత మాటన్నా పడాలనుకున్నాను, పడితే ఎక్కడో ఒకచోట తెరిపి దొరుకుతుందనుకున్నాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ ఉంది. కింద ఎవరో తోపుడు బండి ఈడ్చుకెళ్తున్న చప్పుడు వినిపించింది.

"ఏదో ఒకటి అను వదినా."

ఆవిడ అనలేదు. మొహం మీద కోపం కూడా లేదు. అలిసిపోయింది, అంతే. కాసేపటికి మంచం మీద అటూ ఇటూ కదిలింది. ఇబ్బంది పడుతోందని అర్థమైంది. బాత్రూముకు వెళ్ళాలి.

ఆవిడ ముందు తలుపు వైపు చూసింది. తమ్ముడు రాలేదు. నర్సు కోసం గంట నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. నేను లేచి మంచం పక్కకు వచ్చి నిలబడ్డాను. ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ ఇంకొక్కసారి తలుపు వైపు చూసి, నా మొహం చూడకుండానే, కుడిచెయ్యి చాపింది.

నేను వంగాను. ఆవిడ చెయ్యి నా మెడ చుట్టూ వేసి, ఎడమకాలు నేల మీద పెట్టి లేచింది. మనిషి బరువంతా కుడివైపున నా భుజం మీద పడింది. ఇంత బరువు ఉంటుందని నేను అనుకోలేదు. ఆరు అడుగుల దూరం. ఒక్కో అడుగుకూ ఆగుతూ నడిచాం, ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు.